తాళం చెవి ఇవ్వలేనప్పుడు



ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వచ్చే వేళ మనలో చాలమందికి ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది. పిల్లలను ఎక్కించుకొని బండి స్టాండు తీయబోతుండగా ఒకరు దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, ఒక్క గంట బండి ఇస్తావా? కృష్ణగిరి దాకా పోయి వచ్చేస్తాను" అంటారు. అడిగినవాడు పరాయివాడు కాదు. పక్క వీధిలో ఉండేవాడు, మన ఇంట్లో జ్వరం వస్తే మందులు తెచ్చిపెట్టినవాడు. మనకు ఇవ్వాలని లేదు. ఇవ్వనని చెప్పాలనీ లేదు. అప్పుడు నోట వచ్చే మాటలు మనకందరికీ తెలిసినవే. "పెట్రోలు లేదన్నా." "బ్రేకు సరిగ్గా పడటం లేదు." "మా బావమరిదికి ఇస్తానని ముందే మాట ఇచ్చాను." పది నిమిషాలకు అదే బండి మీద మనము ఇంటికి వెళ్తుంటే ఆయన బస్‌స్టాపులో నిలబడి చూస్తాడు. ఆ చూపును మోసుకొని ఇంటికి వెళ్లినవారు మనలో ఉన్నారు. మేమూ వెళ్లాము.

ఈ నెల ఈ చిన్న సంగతి గురించే వ్రాయదలచాము. బండి ఇవ్వనని చెప్పడం "నిన్ను నమ్మను" అని చెప్పడమేనా? ఆ రెండు మాటలను వేరు చేయవచ్చునా?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఎందుకు బరువుగా ఉంటుందో ముందు గుర్తు చేసుకుందాము. హోసూరు బండ్ల ఊరు. ఇద్దరు కూర్చొని పోగలిగే మోపెడ్ టి.వి.యస్. 50 ఈ ఊరి ఫ్యాక్టరీ నుండే 1980లో బయటికి వచ్చింది. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, కర్నూలు వైపుల నుండి పని వెతుక్కుంటూ సిప్కాట్‌కు వచ్చిన మనవారిలో మొదటి తరంవారు చెప్పే మాట ఒకటి ఉంది. లైను ఇండ్లలో పది కుటుంబాలకు ఒక్క బండి ఉండేదట. దాని యజమాని ఎవరో పిల్లలకు తెలియదట. ఎవరికి రాత్రి షిఫ్టు ఉంటే వారిదే ఆ రోజు బండి. కాన్పులకు, ఆసుపత్రులకు, ఊరి నుండి వచ్చిన చుట్టాలను బస్టాండు నుండి తేవడానికి అదే బండి. ఊరుకాని ఊరిలో మనము నిలబడినది ఇట్టి ఇచ్చిపుచ్చుకోవడాల మీదనే. అందుకే ఈనాడు ఒకడు "బండి ఇవ్వను" అంటే అది ఒక్క బండి సంగతిగా వినబడదు. "నీవు ఇప్పుడు మాలో ఒకడవు కావు" అన్నట్లు వినబడుతుంది. ఆ నొప్పి నిజమైనది. దానిని తేలికగా కొట్టివేయకూడదు.

అయితే నమ్మకం అనే మాటను కొంచెం విప్పి చూడవలసి ఉన్నది. ఒకనికి వెయ్యి రూపాయలు చేబదులు ఇస్తాము. అందులో మనము అడిగే ప్రశ్న ఒక్కటే: తిరిగి ఇస్తాడా? ఇత్తడి బిందె ఇస్తాము. సొట్టపడితే బాగు చేయిస్తాడా, పోతే కొత్తది తెస్తాడా? ఇవన్నీ మనిషి మనసును బట్టి జవాబు దొరికే ప్రశ్నలు. మంచివాడైతే తిరిగి ఇస్తాడు. ఇవ్వలేకపోతే వచ్చి చెప్పుకుంటాడు. ఎంత పోయినా ఇచ్చినంతే పోతుంది. గనుక బిందె ఇవ్వననడం నిజముగానే మనిషిని నమ్మననడానికి దగ్గరగా ఉంటుంది.

బండి అలాంటిది కాదు. బండితో జరిగే పెద్ద నష్టం ఆ బండికి కాదు, దారిన పోయే మూడవ మనిషికి జరుగుతుంది. లేదా ఎరవు తీసుకున్నవానికే జరుగుతుంది. ఆ నష్టాన్ని ఎంత నిజాయితీపరుడైనా పూడ్చలేడు. విరిగిన తొడ ఎముకను ఎవరు తిరిగి ఇస్తారు? ఇచ్చినంతే పోయే వస్తువు కాదు బండి. కాబట్టి "ఈయన మంచివాడా?" అన్న ప్రశ్నకు "అవును, నాకంటె మంచివాడు" అని జవాబు వచ్చినప్పటికీ, "బండి ఇవ్వవచ్చునా?" అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకోవడం వల్లనే ఇవ్వనివాడు సిగ్గుపడుతున్నాడు, అడిగినవాడు అవమానపడుతున్నాడు.

దీనికి మాకు దగ్గరగా తెలిసిన ఒక సంగతి చెబుతాము. పేర్లు చెప్పము. 2017లో హోసూరులో అద్దెకున్న మనవాడొకడు తన మోటారు సైకిలును పక్కింటి సహోదరునికి ఇచ్చాడు. తీసుకున్నాయన మాట మీద నిలబడే మనిషి. అంతకు మూడు దినముల ముందే పాత బాకీ రూపాయితో సహా తీర్చినవాడు. లైసెన్సు ఉంది, తాగుడు లేదు, నిదానంగా నడుపుతాడు. కృష్ణగిరిలో ఆసుపత్రిలో ఉన్న అత్తగారిని చూసి సాయంత్రానికి వస్తానన్నాడు. హోసూరు నుండి కృష్ణగిరికి శూలగిరి మీదుగా సుమారు యాభై కిలోమీటర్ల హైవే. క్షేమంగా చేరాడు. ఆసుపత్రి దగ్గర బండి నిలిపి లోపలికి వెళ్లాడు. కాసేపటికి భార్య తమ్ముడు వచ్చి, "బావా, టిఫిను తెస్తాను, తాళం ఇవ్వు" అన్నాడు. అత్తగారి మంచం పక్కన కూర్చున్న మనిషి వెనుకకు తిరిగి చూడకుండానే తాళం అందించాడు. ఆ పిల్లవానికి పదిహేడేండ్లు. లైసెన్సు లేదు. బస్టాండు దగ్గర మలుపులో తోపుడు బండి నెట్టుకుంటూ పోతున్న ఒక ముసలాయనను కొట్టాడు. తొడ ఎముక విరిగింది.

పోలీసులు ముందు చూసినది నంబరు. నంబరు చెప్పినది యజమాని పేరు. ఆ సమయానికి మనవాడు హోసూరులో రెండవ షిఫ్టులో మిషను దగ్గర ఉన్నాడు. బండి స్టేషనుకు పోయింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి కాగితం ఇచ్చేదాకా అక్కడే ఉండిపోయింది. తరువాత ముసలాయన తరపున మోటారు వాహన ప్రమాదాల క్లెయిము ట్రిబ్యునలులో కేసు పడింది. అందులో ప్రతివాదులు బండి యజమాని, ఇన్సూరెన్సు కంపెనీ. నడిపినవానికి లైసెన్సు లేదు గనుక మాకు బాధ్యత లేదని కంపెనీ వాదించింది. ట్రిబ్యునలు, గాయపడినవానికి ముందు మీరే చెల్లించండి, తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకొనండి అన్నది. ఆ మొత్తం రెండు లక్షలకు పైమాటే. నీకు తెలియకుండా జరిగింది గనుక అప్పీలుకు వెళ్లవచ్చునని వకీలు చెప్పాడు. కాని సెలవు పెట్టి తిరిగే ఓపిక, ఖర్చు పెట్టే శక్తి మనవానికి లేకపోయినవి.

ఎరవు తీసుకున్న సహోదరుడు పారిపోలేదు. భార్య గొలుసు అమ్మి కొంత తెచ్చి ఇచ్చాడు. తరువాత నెలనెలా మూడు వేలు ఇచ్చాడు. అయినా ఆ రెండు ఇండ్లవారు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. ఏడాది తిరగకముందే ఒకరు ఇల్లు మార్చి వేరే వైపుకు వెళ్లిపోయారు.

ఈ సంగతిలో దొంగ ఎవరు? అబద్ధికుడు ఎవరు? ఎవరూ లేరు. యజమాని నమ్మినవాడు నమ్మదగినవాడే. అతని నమ్మకం తప్పు కాలేదు. కాని తాళం చెవి నమ్మినవాని చేతిలో నిలిచి ఉండలేదు. అది ఇంకొక చేతికి, మనము ఎన్నడూ చూడని చేతికి పోయింది. ఆ చేతికి ఇవ్వమని మనలను ఎవరూ అడగలేదు. అడిగితే ఇచ్చేవారమూ కాము. బండి ఇచ్చినప్పుడు మన పేరు కూడా దానితో వెళ్తుంది. మనిషి దిగినా నంబరు మీద ఆ పేరు అలాగే ఉంటుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాము. లైసెన్సు లేనివారు, వయసు చాలనివారు తన బండి నడుపకుండా చూసుకోవలసిన బాధ్యతను 1988 మోటారు వాహనాల చట్టం యజమాని మీదనే పెట్టింది. 2019లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఇది ఇంకా బరువైంది. లైసెన్సు లేనివానికి బండి ఇచ్చిన యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చును. పద్దెనిమిది నిండనివాడు నడిపి నేరం జరిగితే అతని సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అని కోర్టు మొదటే అనుకొంటుంది. శిక్ష మూడేండ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. నాకు తెలియకుండా జరిగిందని, లేదా నేను తగినంత జాగ్రత్త పడ్డానని రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చును. కాని రుజువు చేసుకోవలసినవాడు యజమాని. పైన చెప్పిన సంగతి 2019 తరువాత జరిగి ఉంటే మనవాని కష్టం ఇంకా ఎంత పెరిగి ఉండేదో ఆలోచించండి.

ఇంత పెద్దది జరగకపోయినా చిన్నవి జరుగుతూనే ఉంటాయి. అత్తిబెలె దాటి బెంగుళూరు వైపు వెళ్లిన స్నేహితుడు హెల్మెట్టు లేక కెమెరాలో పడతాడు. కొన్ని వారాలకు ఆ జరిమానా యజమాని ఫోనుకు వస్తుంది. ఐదు వందల కోసం స్నేహితుణ్ణి అడగాలా? అడిగితే చిన్నబుచ్చుకుంటాడు, అడగకపోతే మన లోపల నలుగుతుంది. ఇట్టి చిన్న ముల్లు రెండు మూడు చేరితే స్నేహం కుంటడానికి అవే చాలు.

యజమాని నష్టం గురించే చెప్పి ఆపివేస్తే ఇది స్వార్థపు లెక్క అనుకోవచ్చును. కాబట్టి రెండవ వైపు కూడా చూడవలెను. ఎరవు తీసుకున్నవాడే చనిపోతే? ఈ ప్రశ్న నిజముగానే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కర్ణాటకలో ఒకాయన వేరొకరి హీరో హోండా మోటారు సైకిలు ఎరవు తీసుకొని ఇల్కల్ నుండి తన స్వంత ఊరికి వెళ్తున్నాడు. ముందు ఇనుప రేకులతో పోతున్న ఎద్దులబండి ఉన్నట్టుండి ఆగింది. ఆయన దానికి గుద్దుకొని, ఆసుపత్రికి తీసుకొనిపోతుండగా మరణించాడు. ఆయన కుటుంబం, తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేకుండా పరిహారం ఇచ్చే 163-ఎ అనే సెక్షను క్రింద కేసు వేసింది. 2009లో సుప్రీంకోర్టు చెప్పినది ఇది: ఎరవు తీసుకొని నడిపేవాడు ఆ సమయానికి యజమాని స్థానంలో నిలుస్తాడు; యజమాని తన బండి ఇన్సూరెన్సు నుండి మూడవ మనిషి వలె పరిహారం అడగలేనట్లే, ఇతని కుటుంబమూ ఆ సెక్షను క్రింద అడగలేదు. వేరే సెక్షను క్రింద ఏమైనా దొరుకుతుందేమో చూడమని కేసును తిరిగి హైకోర్టుకు పంపింది. ఆ 163-ఎ తరువాతి సవరణలతో తొలగిపోయింది గాని, ఎరవు తీసుకున్నవాడు యజమాని స్థానంలో నిలుస్తాడన్న మాటను 2020లో కూడా సుప్రీంకోర్టు మరొక కేసులో తిరిగి చెప్పింది.

దీని అర్థము ఏమిటి? మన బండికి ఇన్సూరెన్సు ఉన్నది గనుక స్నేహితునికి ఏమి జరిగినా అతని భార్యాపిల్లలకు ఆధారం దొరుకుతుందని మనలో చాలమంది అనుకొంటున్నాము. మామూలు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు రోడ్డు మీద దెబ్బ తిన్న ఎదుటివాని కొరకు. బండి నడిపిన స్నేహితుని కొరకు కాదు. మనము మొహమాటానికి ఇచ్చిన బండి అతని ఇల్లాలిని వట్టి చేతులతో నిలబెట్టవచ్చును. కాబట్టి "ఇవ్వను" అన్న మాటలో అతని మీద అనుమానం లేకపోవడమే కాదు, అతని ఇంటి మీద శ్రద్ధ కూడా ఉండవచ్చును.

ఇప్పుడు మన పాఠకులు తప్పక అడిగే ప్రశ్నకు వద్దాము. అప్పు అడుగగోరువాని నుండి ముఖము త్రిప్పుకొనవద్దని ప్రభువు కొండమీద చెప్పలేదా? చెప్పెను. మత్తయి ఐదవ అధ్యాయములోనే ఆ మాట ఉన్నది. అయితే అదే అధ్యాయములో, దానికి ఐదు వచనముల ముందు, మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లు ఉండవలెనన్న బోధ కూడా ఉన్నది. బ్రేకు బాగానే ఉన్నప్పుడు "బ్రేకు పడటం లేదు" అనేవాడు ఈ రెండు బోధలలోను తప్పిపోతున్నాడు. వస్తువూ ఇవ్వలేదు, నిజమూ ఇవ్వలేదు. ముఖము త్రిప్పుకొనడమంటే మేము గ్రహించినంతవరకు ఇదే. చేయి ఖాళీగా ఉండటం కాదు, మనిషి వైపు చూడకుండా తప్పించుకోవడం.

పాత నిబంధనలో ఎరవు గురించి ఒక ఆశ్చర్యమైన విధి ఉన్నది. నిర్గమకాండము ఇరవై రెండవ అధ్యాయములో, ఒకడు పొరుగువాని పశువును ఎరవు తీసుకొన్నప్పుడు అది గాయపడినా చచ్చినా, యజమాని దానితో లేకుంటే తీసుకొన్నవాడు నష్టము అచ్చుకొనవలెను. యజమాని దానితోకూడ ఉంటే అచ్చుకొననక్కర లేదు. యజమాని అక్కడ ఉన్నాడా లేడా అన్నదే అక్కడ తేడా. ఆ కాలపు ఎద్దు వేరు, ఈ కాలపు బండి వేరు. మన చట్టములో భారం ఎక్కువగా యజమాని వైపే పడుతుంది. అయినా ఆ విధిలోని తెలివి మనకు పనికివస్తుంది. వస్తువుతోపాటు యజమాని కూడా వెళ్తే ఇద్దరి మధ్య లెక్క తేలికవుతుంది. మనము వెదుకుతున్న జవాబు అక్కడే ఉన్నదని మాకు తోచుచున్నది.

అంటే తాళం ఇవ్వకుండా మనమే వెళ్లడం. "అన్నా, బండి చేతికివ్వడం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎక్కడికి పోవాలో చెప్పు, నేను దింపి వస్తాను." ఈ రెండు వాక్యములలో మొదటిది కాదనడం, రెండవది ఇవ్వడం. నమ్మనివానికోసం ఎవడూ తన ఆదివారం మధ్యాహ్నం ఖర్చు పెట్టడు. కాబట్టి రెండవ వాక్యము వినగానే మొదటి వాక్యములోని ముల్లు ఊడిపోతుంది. షిఫ్టు ఉండి వెళ్లలేకపోతే అదే నిజం చెప్పవచ్చును: "నాకు రెండవ షిఫ్టు, రాలేను. బస్టాండు దాకా దింపుతాను, అక్కడ నుండి కృష్ణగిరి బస్సు ఎక్కు." లేదా తెలిసిన ఆటో అతనికి మనమే ఫోను చేసి మాట్లాడి పెట్టవచ్చును. చేతనైతే ఆటో డబ్బులో సగం ఇవ్వవచ్చును. ఆటోకు ఇచ్చిన నూరు రూపాయలు నూరు రూపాయలతోనే అయిపోతుంది. బండి ఇస్తే ఎంతతో అయిపోతుందో ఎవరికీ తెలియదు.

ఈ మాటలో "ఎవరికీ" అన్న పదము చాల ముఖ్యం. అది నిజమైతేనే పనిచేస్తుంది. పక్కింటాయనకు "ఎవరికీ ఇవ్వము" అని చెప్పి, మరుసటి వారం మేనమామ కొడుకుకు ఇస్తే అది హోసూరులో దాగదు. ఇద్దరూ ఒకే బస్‌స్టాపులో నిలబడతారు. అప్పుడు మొదటివానికి అందే కబురు ఒక్కటే: నియమం అందరికీ కాదు, నాకు మాత్రమే. ఆ అవమానం నేరుగా "నిన్ను నమ్మను" అన్నదానికంటె లోతుగా దిగుతుంది. కాబట్టి నియమం పెట్టుకొనేవారు ముందుగా తమ స్వంతవారితో మొదలుపెట్టవలెను. మాకు తెలిసిన ఒక తల్లి కొత్త స్కూటరు కొన్న రోజునే తన అన్నతో, "అన్నయ్యా, ఇది నేను, మీ బావగారు తప్ప ఎవరూ నడపరు. నీవు కూడా అడగవద్దు" అని నవ్వుతూ చెప్పింది. అన్నకే లేనప్పుడు ఇంకెవరు నొచ్చుకుంటారు? అడగక ముందు చెప్పిన నియమం నియమముగానే వినబడుతుంది. అడిగిన తరువాత చెప్పిన నియమం సాకుగా వినబడుతుంది.

ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. అడిగినవాడు నిజముగానే నమ్మదగనివాడైతే? తాగి నడుపుతాడని మనకు తెలుసు. అప్పుడు "ఎవరికీ ఇవ్వము" అనే మాట వెనుక దాగడం కపటము కాదా? మేము దీనిని గురించి చాలసేపు ఆలోచించాము. నియమం నిజముగా అందరికీ ఉన్నదైతే అది కపటము కాదు. అతడు రాకముందే అది ఉన్నది, అతడు పోయిన తరువాతా ఉంటుంది. అతని తప్పును నలుగురిలో విప్పవలసిన అవసరం లేకుండా అది అతనిని కాపాడుతుంది. అయితే అతని తాగుడు సంగతి అంతటితో తీరిపోదు. దానిని వేరొక రోజున, వేరొక చోట, బండి మాట ఎత్తకుండా, స్నేహితునిగా అతనితో మాట్లాడవలెను. బండి అడిగిన సమయమును తీర్పు దినముగా చేయకూడదు. ఒకవేళ ఆ నియమం అతని కోసమే అప్పటికప్పుడు పుట్టినదైతే మాత్రం అది అబద్ధమే. దానికి సున్నం పూయలేము.

తరచుగా జరిగే మరి రెండు పొరపాట్లు చెప్పి ముందుకు పోతాము. ఒకటి, ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకొని, "లైసెన్సు ఉందా? ఎప్పుడు తీసుకున్నావు? చూపించు" అని విచారించడం. అన్నీ చూపించిన తరువాత కాదంటే, పరీక్షలో తప్పించినట్లు అవుతుంది. లైసెన్సు అడగడం ఇవ్వదలచినవారి పని. ఇచ్చేవారు తప్పక అడగవలెను, పెద్దవారినైనా, పాస్టరుగారినైనా ఒకే రీతిగా అడగవలెను. ఇవ్వనివారు అడగనేకూడదు. రెండవది, ఎదుటివాడు "ఊరకే వద్దన్నా, రెండు వందలు తీసుకో" అన్నప్పుడు సరేననడం. స్వంత వాడకానికి ఉన్న తెల్ల నంబరు ప్లేటు బండిని బాడుగకు ఇస్తే, ఆ సమయంలో ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తప్పించుకోవడానికి అదే దారి అవుతుంది. మొహమాటం తీరిందనుకొని ఇంకా పెద్ద గోతిలో పడతాము.

మరి అపాయ సమయమో? అర్ధరాత్రి పక్కింటి ఆడకూతురికి నొప్పులు మొదలైతే "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని తలుపు వేయాలా? కానే కాదు. 108కు ఫోను చేయించండి. కారు ఉంటే మీరే లేచి స్టీరింగు పట్టండి. నియమం తాళం చెవి గురించి, మనిషి సాయం గురించి కాదు. నిజమైన అపాయములో అడిగేవానికి కావలసినది బండి కాదు, చేతులు వణకకుండా నడిపే ఇంకొక మనిషి. భర్త ఆ స్థితిలో తానే నడపడం అతనికీ మంచిది కాదు.

అడిగేవారి వైపు నుండి కూడా ఒక మాట. మనలో బండి లేనివారు, ఉన్నవారి నియమం వెనుక "ఉన్నవాడి గర్వం" చూడటం సహజము. అది కొన్నిచోట్ల నిజము కూడా. ఎవరికీ ఇవ్వనని చెప్పి ఎవరినీ దింపని మనిషికి నియమం లేదు, పిసినారితనమే ఉన్నది. కాని మీరు అడిగిన వెంటనే ఒకరు కళ్లలోకి చూసి కాదని చెప్పి, తరువాత మీకు దారి వెదికితే, ఆయన మీకు బండికంటె విలువైనది ఒకటి ఇచ్చాడని గ్రహించండి. నిజం ఇచ్చాడు. "బండి ఇస్తావా" అని కాకుండా "కృష్ణగిరికి పోవాలి, ఏమి చేద్దాం?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు కాదనే అవసరం ఎవరికీ రాదు.

ఇంత చెప్పిన తరువాత కూడా కొంత నొప్పి మిగులుతుందని మేము ఒప్పుకొంటున్నాము. పది కుటుంబాలకు ఒకే బండిగా బ్రతికినవారి పిల్లలము మనము. తాళం చెవి ఇవ్వకపోవడంలో ఏదో ఒకటి పోయింది, అది నిజము. పోయినదానికి బదులు మనమే వెళ్లగలిగితే ఆ నష్టం కొంత పూడుతుంది. కాదన్న వారములోనే ఒక సాయంత్రం వారి ఇంటికి పోయి కాఫీ తాగి రండి. బండి మాట ఎత్తవద్దు, సంజాయిషీ చెప్పవద్దు. ఊరకే కూర్చొని రండి.

మేము మొదట చెప్పిన ఆ బస్‌స్టాపు సహోదరుని దగ్గరకు తరువాతి ఆదివారం వెళ్లాము. "పోయిన వారం పెట్రోలు ఉంది అన్నా. అబద్ధం చెప్పాము. బండి ఎవరికీ ఇవ్వము, అది చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నాము. ఆయన కాసేపు ఊరకుండి, "ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే నేను అంత దూరం ఆలోచించేవాణ్ణి కానే" అన్నాడు. తరువాత మా బండి వెనుక ఎక్కి, ఇంటి దాకా మాట్లాడుతూనే వచ్చాడు.